అరిచే ఇల్లు, మాట్లాడని ఇల్లు కలిస్తే: గొడవ ఎలా ఆగాలి, ఎలా ముగియాలి?

ప్రశ్న: మా పుట్టింట్లో కోపం వస్తే మాట్లాడటం మానేసేవాళ్ళు. ఎవరూ గొంతు పెంచగా నేను చూడలేదు. మావారి ఇంట్లో అందరూ అరుచుకుంటారు, పది నిమిషాల్లో మళ్ళీ నవ్వుకుంటారు. పెళ్ళై ఏడేళ్ళయినా ఆయన గట్టిగా మాట్లాడితే నాకు నోరు పెగలదు, ఆ తర్వాత మూడు నాలుగు రోజులు మామూలు కాలేను. "అంతగా ఏమన్నానని?" అంటారు ఆయన. నా మౌనం చూస్తే ఆయనకి పిచ్చెక్కిపోతుందట. ఆరేళ్ళ మా పాప ఈ మధ్య మా ఇద్దరి మొహాలు చూస్తూ తిరుగుతోంది. మాలో ఎవరు మారాలి?

జవాబు:

ఇద్దరూ మారాలి. కాకపోతే మీరు అనుకుంటున్న చోట కాదు. ఆయన గొంతు తగ్గించాలి, మీరు నోరు విప్పాలి అని ఒప్పందం చేసుకుని వెళ్ళిన జంటలు చాలావరకు మళ్ళీ వస్తారు, ఈసారి "అంత చెప్పినా వినలేదు" అనే కొత్త ఫిర్యాదుతో. ముందు తేల్చుకోవాల్సినవి ఇవి: గొడవ మధ్యలో ఎలా ఆపాలి, ఆపినవాళ్ళు ఎప్పుడు తిరిగి రావాలి, అయిపోయిందని ఇద్దరికీ ఎలా తెలియాలి. ఈ మూడూ కుదిరితే గొంతుల సంగతి కొంత దానంతట అదే సర్దుకుంటుంది. మీ విషయంలో మొదటి అడుగు మీ చేతిలోనే ఉంది. ఎందుకో చెబుతాను.

నేను దంపతులకు కౌన్సెలింగ్ చేస్తాను. అరిచే ఇంటి నుంచి ఒకరు, మాట్లాడని ఇంటి నుంచి ఒకరు, ఈ జోడీ నా దగ్గరికి వచ్చినంతగా మరొకటి రాదు. ఇద్దరూ అరిచే ఇళ్ళవాళ్ళయితే పక్కవాళ్ళకి ఇబ్బంది గానీ వాళ్ళకి పెద్దగా ఉండదు. ఇద్దరూ మాట్లాడని ఇళ్ళవాళ్ళయితే కొన్ని విషయాలు ఎప్పటికీ తేలవు, అయినా సంసారం సాగిపోతుంది.

జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఏళ్ళ తరబడి దంపతుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ మధ్య నలుగుతున్న విషయం మీదే మాట్లాడించి, వీడియో తీస్తూ గుండె వేగం లాంటివి కొలిచారు. ఆ పరిశీలనల నుంచి గాట్‌మన్ 1993లో రాసింది ఏమిటంటే, నిలబడిన కాపురాలు మూడు రకాలు. గట్టిగా వాదించుకునేవాళ్ళు, నింపాదిగా ఒకరి మాట ఒకరు విని తేల్చుకునేవాళ్ళు, అసలు తేడాల జోలికే పోనివాళ్ళు. మూడు రకాలూ నిలబడ్డాయి. గొడవ జరుగుతున్న సమయంలో కూడా ఒక చేదు మాటకి సుమారు ఐదు మంచివి వాళ్ళ మధ్య ఉండటం కనిపించింది. మంచివి అంటే పొగడ్తలే కాదు. ఒక చిన్న నవ్వు, "ఆ మాట నిజమే" అనడం, అవతలివాళ్ళు చెబుతుంటే ఆసక్తిగా చూడటం కూడా లెక్కే. అందుకే అరవడాన్నీ, మౌనాన్నీ నేను జబ్బుల్లా చూడను. ఇబ్బంది అంతా ఒకరి అలవాటు ఇంకొకరికి ఏ అర్థంలో చేరుతోంది అన్న దగ్గరే వస్తుంది.

అది ఎలా ఉంటుందో ఒక జంట విషయం తీసుకుని చూపిస్తాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. వాళ్ళిద్దరి పాత్రలు మీకు తిరగేసి ఉంటాయి, అక్కడ గొంతు పెంచేది భార్య, మూగబోయేది భర్త.

భర్త తన తమ్ముడికి కొంత డబ్బు సర్దాడు, భార్యకి చెప్పలేదు. ఆవిడ రాత్రి ఎనిమిదికి అతని ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూసింది. ఇలాంటప్పుడు నేను "మీ గొడవలు ఎలా ఉంటాయి" అని అడగను. అలా అడిగితే ఇద్దరూ ఎదుటివాళ్ళ స్వభావం గురించి చెబుతారు. ఒక్క గొడవనే తీసుకుని, నిమిషం నిమిషం ఏం జరిగిందో చెప్పమంటాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎటు చూస్తున్నారు, తలుపు ఎప్పుడు పడింది, అన్నీ. వాళ్ళు చెప్పింది ఇది.

ఎనిమిది దాటి ఒకట్రెండు నిమిషాలకి ఆవిడ హాల్లోకి వచ్చి, నిలబడే, "ఇదేంటి? ఎప్పుడూ ఇంతే నువ్వు, నన్ను మనిషిగా చూడవు" అంది. అతను సోఫాలో కూర్చుని ఫోన్ వైపే చూస్తూ "తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆవిడ గొంతు పెరిగింది. అతను లేచి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ వెనకాలే వెళ్ళింది. తలుపు మూశాడు. ఆవిడ తలుపు కొట్టింది. అతను చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు, పదకొండుకి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు అవసరానికి తప్ప మాటల్లేవు. డబ్బు సంగతి? అది ఇద్దరూ మళ్ళీ ఎత్తనే లేదు. నా దగ్గరికి వచ్చేసరికి గొడవ తమ్ముడి గురించి కాదు, ఆ తలుపు గురించి అయిపోయింది.

తలుపు మూసిన క్షణంలో ఒక్కొక్కరికి ఏమనిపించిందో విడివిడిగా అడిగాను. ఆవిడ అంది: "మా ఇంట్లో అరిచినంతసేపూ భయం లేదండి. మా నాన్న ఒకసారి మా మేనత్తతో మాట్లాడటం మానేశారు. అంతే, మళ్ళీ ఆవిడ మా గడప తొక్కలేదు. మాట ఆగిందంటే మనిషి తెగిపోయినట్టే." అతను అన్నాడు: "మా ఇంట్లో మా నాన్న గొంతు పెంచడం నేను రెండే రెండుసార్లు విన్నాను. రెండోసారి మా బాబాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. గొంతు లేచిందంటే ఇక ఏదో విరిగిపోతుంది."

ఇదే అసలు చిక్కు. ఆవిడకి మౌనం అంటే బంధం తెగడం, అతనికి అరుపు అంటే బంధం తెగడం. తెగకుండా కాపాడుకోవడానికి ఆవిడ అరుస్తోంది, అతను తలుపు మూస్తున్నాడు. అతను మూసేకొద్దీ ఆవిడ గొంతు పెరుగుతుంది, ఆవిడ గొంతు పెరిగేకొద్దీ అతను ఇంకా లోపలికి పోతాడు. ఇది పరిశోధనల్లో బాగా తెలిసిన వలయమే. ఒకరు వెంటపడటం, ఇంకొకరు తప్పుకోవడం. దీని మీద ఆండ్రూ క్రిస్టెన్సన్ అనే మనస్తత్వవేత్త చాలా పని చేశాడు.

మీరూ, మీవారూ ఒక తీరిక రోజున (గొడవ జరిగిన రోజున మాత్రం వద్దు) ఒకరినొకరు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఇంట్లో పెద్ద గొడవ అయినప్పుడు, అది ఎలా ముగిసేది?" ఎలా మొదలయ్యేది అని వద్దు. ముగింపు గురించే అడగండి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ళకి తెలియదు. మౌనంగా ఉండే ఇళ్ళలో పిల్లలకి కనిపించేది ఒక రోజు అమ్మానాన్నలు మాట్లాడుకోకపోవడం, ఇంకో రోజు మాట్లాడుకోవడం. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. అరిచే ఇళ్ళలోనూ అంతే, అరుపులు అందరి ముందూ జరుగుతాయి, సర్దుబాటు ఎక్కడో జరిగిపోతుంది, లేదా అసలు జరగకుండానే మామూలు మాటల్లో కలిసిపోతుంది. ఇద్దరూ గొడవ పడటం నేర్చుకుని వస్తారు గానీ, ముగించడం నేర్చుకుని రారు. మీవారికి పది నిమిషాల తర్వాత జోకు వేయడమే రాజీ. మీకు ఆ జోకు, జరిగినదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. ఆయన "అంతగా ఏమన్నానని?" అన్నప్పుడు నటించడం లేదు, ఆయన లెక్కలో అది నిజంగానే అయిపోయింది.

ఇక మీకు నోరు పెగలకపోవడం గురించి. ఇది మొండితనం కాదని మీవారికి అర్థమయ్యేలా చెప్పాలంటే శరీరం గురించి చెప్పాలి. గాట్‌మన్ కొలతల్లో గుండె వేగం నిమిషానికి సుమారు 100 దాటాక మనిషి వినే శక్తి బాగా పడిపోతుంది, కొత్త మాట లోపలికి వెళ్ళదు, ఎదుటివాళ్ళు సర్దుకునే మాట అన్నా అది దెబ్బగానే వినిపిస్తుంది. రోజూ గట్టిగా వ్యాయామం చేసేవాళ్ళకి ఇంకా తక్కువ అంకె దగ్గరే ఈ స్థితి రావచ్చు. గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్ళకి ఈ అంకె పనికిరాదు. బయటికి చూస్తే మనిషి రాయిలా కూర్చుని ఉంటాడు, ఏ భావమూ ఉండదు, కళ్ళు పక్కకి తిప్పుకుంటాడు. లోపల పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. అరిచే మనిషికి ఆ రాతి మొహమే మంట పుట్టిస్తుంది: "నాకు ఇంత బాధగా ఉంటే చలనమే లేదు చూడు" అని. ఆ జంటలో భర్త మొహం సరిగ్గా ఇలాగే ఉండేది. ఒకసారి నా కౌన్సెలింగ్ గదిలోనే మాట వేడెక్కినప్పుడు అతని మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టమని భార్యకే చెప్పాను. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. ఆవిడ లెక్కపెట్టి, తలెత్తి అతని వైపు చూసి, "నీకేం పట్టనట్టు కూర్చున్నావు కదా" అంది, గొంతు అప్పటికే దిగిపోయింది. మీ ఇంట్లో చేతికి పెట్టుకునే స్మార్ట్‌వాచ్ ఉంటే పని ఇంకా తేలిక. కానీ గొడవ మధ్యలో "చూడు నాది నూట పది" అని వాదనకి వాడకండి. ఆపాల్సిన సమయం వచ్చిందని మీకు మీరు తెలుసుకోవడానికి మాత్రమే.

గాట్‌మన్ బృందం ఒక పని చేసి చూసింది. గొడవ మధ్యలో దంపతుల్ని ఆపి, పరికరాలు సరిచేసుకోవాలి, దాని గురించి మాట్లాడుకోకుండా కాసేపు పత్రికలు తిరగేస్తూ కూర్చోండి అన్నారు. గుండె వేగాలు దిగాక మళ్ళీ మాట్లాడిస్తే వేరే మనుషుల్లా మాట్లాడుకున్నారు. శరీరం చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. ఇందులో చాలామంది వదిలేసే విషయం పత్రికలు. విరామంలో మీరు గదిలో పడుకుని "ఆ మాట ఎలా అన్నారు, నేను ఇలా అనాల్సింది" అని మనసులో గొడవని కొనసాగిస్తే ఇరవై నిమిషాలు కాదు, నాలుగు రోజులైనా శరీరం దిగదు. నా అనుమానం మీ మూడు నాలుగు రోజుల వెనక సగం ఇదే ఉంది. నడవండి, బట్టలు మడతపెట్టండి, ఏదైనా చదవండి. మనసు మళ్ళీ అక్కడికే పోతుంది, పోయినప్పుడల్లా చేతిలో పని వైపు తెచ్చుకోండి.

ఇప్పుడు మొదటి అడుగు మీదే అని ఎందుకన్నానో. విరామం తీసుకునేది ఎవరో, తిరిగి వచ్చే సమయం చెప్పాల్సింది వాళ్ళే, చెప్పిన సమయానికి వచ్చి ముందుగా మాట ఎత్తాల్సిందీ వాళ్ళే. "తర్వాత మాట్లాడదాం" అన్న మాట అరిచే ఇంటివాళ్ళకి "ఎప్పటికీ మాట్లాడం" అనే వినిపిస్తుంది, నిజానికి ఎక్కువసార్లు జరిగేదీ అదే. మీరు చెప్పాల్సింది దాదాపు ఇలా ఉండాలి: "నాకు బుర్ర పనిచేయడం లేదు, మీ మాట వినిపించడం లేదు. తొమ్మిదిన్నరకి నేనే వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం." ఇందులో ఆయన మీద ఫిర్యాదు లేదు, మీ పరిస్థితి ఉంది, గడియారంలో ఒక సమయం ఉంది, నేనే వస్తాను అనే మాట ఉంది. "మీరు అరుస్తున్నారు కాబట్టి వెళ్తున్నాను" అంటే విరామం కాస్తా శిక్ష అయిపోతుంది.

నోరు పెగలనప్పుడు ఇంత వాక్యం ఎలా చెప్పను అంటారేమో. చెప్పలేరు, అందుకే ముందే ఒక గుర్తు అనుకోవాలి. చెయ్యి ఎత్తి చూపడం, లేదా ఒక్క మాట. సమయం ఫోన్‌లో మెసేజ్ పెట్టొచ్చు. నా దగ్గరికి వచ్చిన భర్త మొదట్లో "9.30" అని అంకెలు మాత్రమే పంపేవాడు. అది చాలు. తొమ్మిదిన్నరకి ఇంకా చల్లబడలేదంటే అప్పుడు కూడా బయటికి రావాలి, వచ్చి "ఇంకా కుదరడం లేదు, రేపు పొద్దున ఏడింటికి" అని చెప్పాలి. ఒక రోజు దాటనివ్వకండి. ఒక్కసారి మీరు చెప్పిన సమయానికి రాకపోతే తర్వాతి నాలుగు విరామాలు ఆయన నమ్మరు.

మొదటి రెండు మూడుసార్లు ఇది చెడిపోతుంది, ముందే అనుకోండి. ఆ జంటలో భర్త మొదటిసారి సమయం చెప్పి లోపలికి వెళ్ళినప్పుడు ఆవిడ ఐదు నిమిషాలకే తలుపు దగ్గరికి వచ్చింది, "ఒక్క మాట చెప్పి వెళ్తాను" అంటూ. ఆ ఒక్క మాటతో మళ్ళీ మొదటికి వచ్చింది. అరిచే ఇంటి మనిషికి ఆ ఇరవై నిమిషాలు నిజంగా నరకం, దాన్ని తక్కువ చేయకూడదు. ఆవిడకి పనికొచ్చింది కాగితం. చెప్పాలనుకున్నవన్నీ రాసుకోవడం, తొమ్మిదిన్నరకి ఆ కాగితంతో కూర్చోవడం. రాసినవాటిలో సగం అప్పటికి తనే కొట్టేసేది. పద్ధతి కుదురుతోందని ఎలా తెలుస్తుందంటే, తలుపు దగ్గరికి రావడం తగ్గుతుంది. గొడవలు తగ్గాయా లేదా అని మొదట్లో చూడకండి. మౌనంగా ఉండే మనిషి నోరు విప్పడం మొదలుపెట్టాక కొన్నాళ్ళు గొడవలు పెరుగుతాయి కూడా.

ఇక మీవారు చేయాల్సింది. గొంతు తగ్గించమని అడగకండి, పుట్టినప్పటి నుంచి ఉన్న గొంతు అది, తగ్గించడం మీదే ఆయన ధ్యాసంతా ఉంటే విషయం పోతుంది. మొదటి వాక్యం మార్చమని అడగండి. గాట్‌మన్, సిబిల్ కారేర్ కొత్త దంపతుల మీద చేసి 1999లో ప్రచురించిన పరిశోధనలో, పదిహేను నిమిషాల గొడవలో మొదటి మూడు నిమిషాలు చూసే ఆ జంట విడిపోయే అవకాశం గురించి చెప్పగలిగారు. మొదలు ఎలా ఉంటే మిగతాదీ అలాగే నడుస్తుంది. ఆ భార్య మొదటి మాట గుర్తుందా? "ఎప్పుడూ ఇంతే నువ్వు, నన్ను మనిషిగా చూడవు." ఇందులో డబ్బు మాటే లేదు, అతని స్వభావం మీద తీర్పు ఉంది. తర్వాత మేం దాన్ని ఇలా మార్చుకున్నాం: "డబ్బు పంపినట్టు మెసేజ్ చూశాను. నాకు చెప్పకుండా పంపావని చాలా కోపంగా ఉంది. ఎందుకు పంపావో ఇప్పుడు తెలియాలి." గట్టిగానే చెప్పొచ్చు, కోపంగానే చెప్పొచ్చు. ఆవిడ గట్టిగానే చెప్పింది. అయినా అతను లేచి వెళ్ళలేదు, ఎందుకంటే జవాబు ఇవ్వగలిగిన ప్రశ్న ఒకటి అందులో ఉంది. "ఎప్పుడూ", "అసలు", "మీవాళ్ళంతా" అనే మాటలు రాగానే మౌనం వైపు మనిషి లోపల తలుపు పడిపోతుంది. నిలబడి మాట్లాడటం మాని కూర్చోవడం కూడా నేను అనుకున్నదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది, గొంతు అదే అయినా.

ముగింపు. ఇది మీ ఇద్దరికీ కొత్త. మీవారు జోకు వేసే ముందు ఒక వాక్యం కావాలి: "ఇందాక గట్టిగా అన్నాను. ఇంకా ఏమైనా మిగిలిందా?" ఇందులో క్షమాపణ కన్నా రెండో వాక్యం ముఖ్యం. మీ వైపు నుంచి దానికి నిజం జవాబు కావాలి. "ఏం లేదు" అనకండి. మౌనంగా పెరిగినవాళ్ళ నోట ముందుగా వచ్చేది ఆ మాటే. మిగిలితే "ఫలానా మాట దగ్గర ఇంకా బాధగా ఉంది, దాని మీద ఏం చేయక్కర్లేదు, తెలియాలి అంతే" అనండి. లేదా "రేపు సాయంత్రం లోపు చెబుతాను" అనండి. మీ నాలుగు రోజులు ఒకేసారి పది నిమిషాలు అవ్వవు, కావాల్సిన అవసరమూ లేదు. మీరు మామూలు కావడానికి ఇంకో రోజు పడుతుందని ఆయనకి తెలిస్తే చాలు, అది ఆయన మీద తీర్పు కాదని తెలిస్తే చాలు. ఆయనకి పిచ్చెక్కిస్తున్నది మీ మౌనం ఎంతసేపు అన్నదానికన్నా, అది ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం.

అన్నీ పెంపకం మీదే వేయకండి అని కూడా చెప్పాలి. క్రిస్టెన్సన్, క్రిస్టొఫర్ హీవీ కలిసి 1990లో చేసిన పరిశీలనలో, ఎవరు వెంటపడతారు, ఎవరు తప్పుకుంటారు అన్నది ఎవరికి మార్పు కావాలి అన్నదాని మీద కూడా ఆధారపడింది. మార్పు కోరుకునేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, ఉన్నది ఉన్నట్టు ఉంటే లాభం ఉన్నవాళ్ళు మాట దాటేస్తారు. పై జంటలోనే భర్తకి ఒక బాధ ఉంది, ఇంట్లో మాటలన్నీ భార్య వాళ్ళమ్మకి ఫోన్‌లో చెప్పేస్తుందని. ఆ విషయం వస్తే అతనే పదేపదే ఎత్తేవాడు, ఆవిడ నవ్వేసి ఇంకో మాటలోకి వెళ్ళిపోయేది. అరిచే ఇంటి మనిషి కూడా తప్పుకోగలదు, తప్పుకునే తీరు వేరు, అంతే. కాబట్టి ఈ పరీక్ష చేసుకోండి: మీకు మార్పు కావాల్సిన విషయంలో మాట ఎత్తేది ఎవరు? అక్కడ మీరు గట్టిగా నిలబడి అడగగలుగుతున్నారంటే, మౌనం మీ పుట్టింటి నుంచి వచ్చినదొక్కటే కాదు, కొన్ని విషయాల్లో అది మీకు పనికొస్తోంది కూడా. ఇది వినడానికి బాగుండదు గానీ చూసుకోవడం మంచిది.

ఇంకో తేడా తప్పకుండా చూడాలి. తట్టుకోలేక వచ్చే మౌనం వేరు, శిక్షగా వేసే మౌనం వేరు. తట్టుకోలేని మనిషి అందరితోనూ తగ్గిపోతాడు, తిండి నిద్ర చెడతాయి, సమయం చెప్పే పద్ధతి నేర్పితే ఊరట పడతాడు. శిక్ష వేసే మనిషి ఫోన్ వస్తే హాయిగా నవ్వుతూ మాట్లాడతాడు, ఒక్కరితోనే మాట ఉండదు, ఎదుటివాళ్ళు బతిమాలితేనే ముగుస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటిదే అనిపిస్తోంది. కానీ మీ నాలుగు రోజుల్లో రెండు రోజులు మొదటిది, రెండు రోజులు రెండోది అయ్యుండొచ్చు, అది మీకే తెలుస్తుంది. అలాగే అరుపులోనూ. కోపం విషయం మీద ఉంటే అది అలవాటు. వెక్కిరింత, మీ పుట్టింటిని తక్కువ చేయడం, వస్తువులు విసరడం, దారికి అడ్డం నిలబడటం, మీరు భయంతో మాటలు ఎంచుకుంటూ బతకడం ఉంటే అది పెంపకం తేడా కాదు. అప్పుడు పైన చెప్పిన విరామం పద్ధతితో పని జరగదు, ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్ళడం కూడా సరికాదు. గదిలో నిజం చెప్పినందుకు ఇంటికెళ్ళాక మూల్యం చెల్లించాల్సి వస్తుంది. ముందు మీరు ఒక్కరే, మీ భద్రత గురించి ఎవరితోనైనా మాట్లాడాలి. మీకు నోరు పెగలకపోవడం ఏ గొంతు విన్నా అలాగేనా, లేక ఈయన గొంతుకి మాత్రమేనా అన్నది నిజాయితీగా చూసుకోండి. ఆఫీసులో ఎవరో ఎవరినో కేకలేసినా మీకు అలాగే ఉంటే అది చాలావరకు పెంపకమే.

పాప సంగతి. ఇ. మార్క్ కమింగ్స్ అనే పరిశోధకుడు పిల్లల ముందు పెద్దల గొడవల మీద చాలాకాలం పనిచేశాడు. రెండు విషయాలు మీకు పనికొస్తాయి. మాటల్లేని కోపం కూడా పిల్లలకి తెలుస్తుంది, అరుపుకి లాగే దానికీ కలత పడతారు, కాబట్టి "మేం పాప ముందు గొడవ పడం, మాట్లాడుకోం అంతే" అన్నది రక్షణ కాదు. రెండోది, గొడవ సర్దుకోవడం చూసిన పిల్లల కలత బాగా తగ్గుతుంది. మూసిన తలుపుల వెనక సర్దుకున్నా, సర్దుకున్నామని తర్వాత చెబితే కూడా మేలే. మీ పాప మొహాలు చూస్తోందంటే ముగిసిందో లేదో వెతుకుతోందన్నమాట. అది దానికి చెప్పండి, ఆరేళ్ళ పిల్లకి సరిపోయేంత: "నిన్న నాన్నకీ నాకూ కోపం వచ్చింది. నీ వల్ల కాదు. రాత్రి మాట్లాడుకున్నాం, అయిపోయింది." నిజంగా అయిపోయాకే చెప్పండి. అవ్వకపోతే "ఇంకా మాట్లాడుకోవాలి, సాయంత్రం మాట్లాడుకుంటాం" అనండి. పిల్లలు అబద్ధాన్ని గొంతులోనే పట్టేస్తారు. ఎవరి తప్పో దానికి వివరించక్కర్లేదు, "నాన్న అరుస్తారు కదా, అందుకే" అని దాన్ని మీ వైపు కూర్చోబెట్టుకోకండి.

మీవారు ఇదంతా "నాటకాలు" అని కొట్టిపారేస్తే? కొంతమంది అంటారు. అప్పటికి ఆయనతో ఒప్పందాలు పక్కన పెట్టి, మీ వంతు మాత్రం మొదలుపెట్టండి: సమయం చెప్పడం, ఆ సమయానికి వచ్చి మీరే మాట ఎత్తడం. దీనికి ఆయన అనుమతి అక్కర్లేదు. వరసగా కొన్నిసార్లు మీరు చెప్పిన సమయానికి వచ్చి కూర్చుంటే, వెంటపడాల్సిన అవసరం ఆయనకి తగ్గుతుంది, చాలా జంటల్లో గొంతు దిగడం అక్కడే మొదలవుతుంది. ఒకట్రెండు నెలలు నిజంగా చేశాక కూడా ఆయన వైపు ఏ కదలికా లేకపోతే, లేదా మీరు తిరిగి వచ్చిన ప్రతిసారీ దాన్నే మీ మీదికి వాడుతుంటే, అప్పుడు దంపతులతో పనిచేసే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒక్క గొడవని, నిమిషాలతో సహా, కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. ఆయనదీ ఒక కాగితం ఉంటే ఇంకా మంచిది. రెండూ కలపకుండా, ఒకరిది ఒకరు చూడకుండా తీసుకెళ్ళండి.